బోన్ స్కాన్‌లో అక్కడక్కడా నల్ల చుక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాన్ ఫిల్మ్‌లో ఒళ్ళంతా నల్ల చుక్కలు కనిపిస్తున్నాయి. అవి క్యాన్సర్ మచ్చలేనా?

చుక్కను చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు, స్కాన్ తీసిన డాక్టర్ కూడా. నల్లగా కనిపించిన చోట ఎముక మామూలు కంటే ఎక్కువగా పని చేస్తోందని, అంటే కొత్త ఎముక తయారవుతోందని మాత్రమే దాని అర్థం. ఆ పని ఎందుకు మొదలైందో ఫిల్మ్ చెప్పదు. రోడ్డు మీద ఒకచోట తారు వేస్తుంటే దూరం నుంచి పనివాళ్ళు కనిపిస్తారు కానీ, రోడ్డు వానకు పాడైందో పైపులైను కోసం తవ్వారో తెలియదు కదా, ఇదీ అంతే. విరిగిన ఎముక అతుక్కుంటున్నా, కీలు అరిగినా, విటమిన్ డి లేక ఎముక మెత్తబడినా, టీబీ పట్టినా, క్యాన్సర్ పాకినా చుక్క ఒకే రంగులో కనిపిస్తుంది.

తేడా పట్టుకోవాలంటే చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎలా అమరాయి, పక్కన తీసిన సీటీ ఏమంటోంది, రక్త పరీక్షలు ఏమంటున్నాయి అనేవి కలిపి చూడాలి. ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే. మన ప్రాంతంలో క్యాన్సర్ అని అనుమానం వచ్చి, తర్వాత కాదని తేలే వాటిలో ఆస్టియోమలేసియా, అంటే ఎముకలు మెత్తబడటం, ముఖ్యమైనది. అందుకే దాని మీద ఎక్కువ సేపు ఆగుతాం.

ట్రేసర్ అంటే ఏమిటి? అది ఎముకలోకి ఎలా వెళ్తుంది?

చేతి నరంలోకి ఇచ్చే ఇంజెక్షన్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి టెక్నీషియం-99ఎం, గామా కిరణాలు విడుదల చేసే పదార్థం. రెండోది ఎండీపీ అనే ఫాస్ఫేట్ లాంటి మందు. 1975 నుంచి వాడుకలో ఉన్న ఈ జత ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తోంది. ఎండీపీకి ఎముకలోని కాల్షియం-ఫాస్ఫేట్ స్ఫటికాలంటే పట్టు. కొత్త స్ఫటికాలు ఏర్పడుతున్న చోట అతుక్కోవడానికి జాగా ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువగా చేరుతుంది. రక్తప్రసరణ ఎక్కువగా ఉన్న చోటికి కూడా ఎక్కువ మందు వెళ్తుంది. టెక్నీషియం దాని వెంటే వెళ్ళి తానెక్కడుందో కెమెరాకు తెలియజేస్తుంది.

అంటే ట్రేసర్ క్యాన్సర్ కణాలకు అతుక్కోదు. ఎముకలోకి క్యాన్సర్ వచ్చినా, చుట్టూ ఉన్న ఎముక దానికి స్పందించి కొత్త ఎముక వేసుకునే ప్రయత్నం చేస్తేనే చుక్క కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే రిపోర్టులోని చాలా మాటలు అర్థమవుతాయి.

ఎక్స్-రేలో మార్పు కనిపించాలంటే ఆ చోట ఎముకలోని ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోవాలి. బోన్ స్కాన్ అంతకంటే చాలా ముందే పసిగడుతుంది. పసిగట్టడంలో ఇంత చురుకు, కారణం చెప్పడంలో ఇంత మౌనం. అందుకే "ఎక్స్-రే బాగానే ఉంది, స్కాన్‌లో మాత్రం చుక్క ఉంది" అనే పరిస్థితి వస్తుంది. రెండూ నిజమే.

స్కాన్ రోజున ఏం జరుగుతుంది?

ఉపవాసం అక్కర్లేదు. ఇంజెక్షన్ ఇచ్చాక రెండు నుంచి నాలుగు గంటలు ఆగాలి. ఆలోపు ఎముకకు పట్టని మందు కిడ్నీల ద్వారా మూత్రంలో పోవాలి కాబట్టి డాక్టర్ ద్రవాలు తగ్గించమని చెప్పి ఉండకపోతే నీళ్ళు బాగా తాగమంటారు. కెమెరా కింద పడుకునే ముందు మూత్రం పోసి రావాలి. నిండిన మూత్రాశయం కటి ఎముకను కప్పేస్తుంది. బట్టల మీద ఒక చుక్క మూత్రం పడినా ఫిల్మ్‌లో నల్లగా కనిపించి ఎముకలో చుక్క అని భ్రమ కలిగించవచ్చు. అలాంటప్పుడు బట్టలు మార్చి, చర్మం కడిగి ఆ ఒక్క భాగం మళ్ళీ తీస్తే చాలు. అనుమానం ఉంటే టెక్నీషియన్‌కి మొహమాటం లేకుండా చెప్పండి. రిపోర్ట్ మొత్తం తప్పుదారి పట్టకుండా ఉంటుంది.

స్కాన్ సుమారు అరగంట పడుతుంది. చుక్కలున్న భాగానికి స్పెక్ట్-సీటీ అని, బోన్ స్కాన్‌ను సీటీతో కలిపి అన్ని వైపుల నుంచి చూపించే స్కాన్ విడిగా తీస్తే ఇంకో అరగంట పట్టవచ్చు. సాధ్యమైన చోట ఆ భాగం అదే రోజు తీయించుకోవడం మంచిది. మామూలు ఫిల్మ్‌లో చుక్క వెన్నుపూసలో ఏ భాగంలో ఉందో తెలియదు. స్పెక్ట్-సీటీలో తెలుస్తుంది.

ఏయే చోట్ల నలుపు మామూలే?

కిడ్నీలు, మూత్రాశయం, ఇంజెక్షన్ ఇచ్చిన చోటు నల్లగా ఉండడం సహజం. మందు కొంచెం నరం బయటికి కారితే ఆ చేతి చంకలోని గ్రంథి కూడా కనిపించవచ్చు. రొమ్ము ఎముక, నడుము కింద కటి ఎముకతో వెన్ను కలిసే కీళ్ళు కొంచెం ముదురుగానే ఉంటాయి. పళ్ళ ఇన్ఫెక్షన్ ఉంటే, ఈ మధ్య పన్ను పీకించుకుంటే దవడలో చుక్క వస్తుంది. 60 దాటిన వాళ్ళలో మోకాళ్ళు, బొటనవేలి మొదలు, భుజాలు, నడుము కీళ్ళు ఏదో ఒకటి నల్లగా లేకపోతేనే ఆశ్చర్యం. చిన్నపిల్లల్లో పెరిగే ఎముక చివరలు అన్నీ నల్లగా వస్తాయి. అది పెరుగుదల.

రిపోర్టులో "మెటాస్టాసిస్ రూల్ అవుట్ చేయాలి" అని రాశారు. అంటే ఉందనే కదా?

కాదు. మెటాస్టాసిస్ అంటే క్యాన్సర్ వేరే చోటి నుంచి ఎముకకు పాకడం. ఆ కారణం ఉందో లేదో తేల్చుకోండి అని అవతలి డాక్టర్‌కి రాసిన సూచన అది. ఎముకలో చాలా చోట్ల చుక్కలు కనిపిస్తే, ప్రమాదకరమైన కారణాన్ని మర్చిపోకూడదు కాబట్టి రేడియాలజిస్ట్ ఆ మాట రాస్తాడు. ఇది చదివి ఇంట్లో వాళ్ళు రాత్రంతా ఫోన్‌లో వెతుక్కుంటూ టెన్షన్ పడతారని నాకు తెలుసు. ఆ వాక్యంతో పాటు రిపోర్టులో "పెరిగిన అప్‌టేక్", అంటే ట్రేసర్ ఎక్కువగా చేరడం, ఎక్కడెక్కడ ఉందని రాశారో ఎముక పేరు, వైపుతో సహా చదవండి. నిర్ధారణకు దారి చూపేది ఆ వివరణే.

చుక్కలు అమరిన తీరును బట్టి ఏం చెప్పవచ్చు?

ముఖ్యంగా రెండు అమరికలు చెబుతాను. చూడగానే ఎక్కువ ఊహించనక్కర్లేనివి ఇవే.

మొదటిది పక్కటెముకలు. వరుసగా రెండు, మూడు, నాలుగు పక్కటెముకల మీద ఒకదాని కింద ఒకటి నిలువు గీతలా చిన్న చుక్కలుంటే అవి దెబ్బ వల్ల చిట్లిన చోట్లే అయి ఉండడం చాలా ఎక్కువ. ఒక దెబ్బ వరుసగా ఉన్న ఎముకలన్నిటికీ తగులుతుంది. క్యాన్సర్ అలా గీత గీసినట్టు ఎముకల్ని ఎంచుకోదు. అది ఒకే పక్కటెముక పొడవునా పాకినట్టు పొడవైన నలుపుగా కనిపించడం ఎక్కువ. బాత్రూంలో జారిపడటం, బైక్ మీద గుంతలో ఎగిరిపడటం, వారాల తరబడి దగ్గు, ఇవి చెప్పకపోతే డాక్టర్‌కి తెలియవు. కాబట్టి గత రెండేళ్ళలో పడ్డవి, తగిలినవి గుర్తు చేసుకుని చెప్పండి. విరిగిన పక్కటెముక అంతకాలం కూడా స్కాన్‌లో కనిపించవచ్చు.

రెండోది వెన్నుపూస. అడ్డంగా ఒక పట్టీలా నలుపు ఉంటే, ముఖ్యంగా 60 దాటిన ఆడవాళ్ళలో, ఎముక గుల్లబడి పూస నలిగి ఉండవచ్చు. పూసల అంచుల దగ్గర, వెనక చిన్న కీళ్ళ దగ్గర నలుపు అరుగుదలను సూచిస్తుంది. పూస శరీరం నుంచి వెనక్కి వెళ్ళే పెడికిల్ అనే భాగంలో నలుపు ఉంటే మాత్రం జాగ్రత్త పడతాం. అక్కడ క్యాన్సర్ రావడం ఎక్కువ, అరుగుదల తక్కువ. సీటీతో కలిపి చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

వెన్ను, పక్కటెముకలు, కటి, పుర్రె అని చూడకుండా అన్ని చోట్లా ఒక క్రమం లేకుండా, వేర్వేరు సైజుల్లో, కొన్ని ముదురుగా కొన్ని లేతగా చుక్కలుంటే క్యాన్సర్ గురించి గట్టిగా ఆలోచిస్తాం. అయినా అదీ ఖాయం కాదు. కింది కేసు అందుకే చెబుతున్నాను.

కొంచెం వివరంగా ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఒక్కరి కథ కాదు ఇది. ఇలాంటి వాళ్ళలో సాధారణంగా కనిపించేవన్నీ కలిపి ఒక మనిషిగా చెబుతున్నాను. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉండే 46 ఏళ్ళ గృహిణి. ఎనిమిది నెలలుగా ఒళ్ళు నొప్పులు. ముందు నడుము, తర్వాత పక్కలు, తొడలు. నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించి గానీ లేవలేదు. మెట్లెక్కాలంటే రైలింగ్ పట్టుకోవాలి. నడక బాతులా ఊగుతోంది. మొదట నరాలన్నారు, తర్వాత థైరాయిడ్ అన్నారు, కీళ్ళవాతం పరీక్షలు చేయిస్తే ఏమీ తేలలేదు. ఒక రక్త పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, అంటే ఎముక తయారీ జోరందుకుంటే పెరిగే ఎంజైమ్, 412 వచ్చింది. ఆ ల్యాబ్‌లో పై హద్దు దాదాపు 120. దాంతో బోన్ స్కాన్ రాశారు.

ఫిల్మ్‌లో పదకొండు చుక్కలు. కుడి పక్కటెముకల్లో నాలుగు, ఎడమలో మూడు, మూత్రాశయం కింద కటి ఎముక ముందు భాగంలో కుడి ఎడమ చెరొకటి, ఎడమ రెక్క ఎముక అంచున ఒకటి, కుడి తొడ ఎముక మెడ దగ్గర లోపలి వైపున ఒకటి. పుర్రె, దవడ, రొమ్ము ఎముక కూడా మామూలు కంటే ముదురుగా ఉన్నాయి. పక్కటెముకలు మెత్తని ఎముకతో కలిసే చోట జపమాల పూసల్లాంటి నలుపు. కిడ్నీలు మాత్రం లేతగా కనిపించాయి. రిపోర్ట్ చివర "మెటాస్టాసిస్ రూల్ అవుట్ చేయాలి" అనే వాక్యమే ఉంది. ఇంట్లో వాళ్ళు వెంటనే రొమ్ము, గర్భాశయం, ఊపిరితిత్తులు అన్నీ స్కాన్ చేయించాలని, ఒక చుక్కకు బయాప్సీ చేయించాలని అనుకున్నారు.

ఇక్కడ ఆగి ఫిల్మ్ మళ్ళీ చూడాలి. ఈ చుక్కలున్న ఎముకలకు ఒక పోలిక ఉంది. పక్కటెముకలు, కటి ముందు భాగం, రెక్క ఎముక బయటి అంచు, తొడ ఎముక మెడ లోపలి వైపు. మెత్తబడిన ఎముక, కండరం లాగుడుకో బరువుకో చిట్లి సరిగా అతకని చోట్లు ఇవే. వీటిని లూజర్ జోన్లు అంటారు. పూర్తి పగులు కాదు, పగులు లాంటి గీత. కుడి ఎడమ దాదాపు సమంగా ఉండటం, అస్థిపంజరం అంతా ముదురుగా ఉండటం, కిడ్నీలు లేతగా ఉండటం కూడా అదే వైపు చూపిస్తున్నాయి. ఎముకలన్నీ మందును ఎక్కువగా పీల్చుకుంటే కిడ్నీలకు మిగిలేది తగ్గుతుంది కాబట్టి అవి లేతబడతాయి. అయితే వెన్నంతా నిండా క్యాన్సర్ పాకినా కూడా ఇలా కిడ్నీలు లేతబడవచ్చు. ఒక్క గుర్తు మీద ఆధారపడకూడదు.

తర్వాత రక్తం. కాల్షియం 8.2, కొంచెం తక్కువ. ఫాస్ఫేట్ 1.9, పెద్దవాళ్ళలో 2.5 నుంచి 4.5 ఉండాలి. విటమిన్ డి 6 నానోగ్రాములు, 20 కంటే తక్కువ అయితే లోపం. పారాథైరాయిడ్ హార్మోన్ 186, పై హద్దు 65 దగ్గర. క్రియాటినిన్ 0.7, అంటే కిడ్నీలు బాగున్నాయి. ఈ లెక్కలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. విటమిన్ డి లేక పేగు కాల్షియాన్ని పీల్చుకోలేకపోతోంది, రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటానికి పారాథైరాయిడ్ ఎముకను కరిగిస్తోంది, ఫాస్ఫేట్‌ను మూత్రంలో వదిలేస్తోంది, కొత్తగా తయారైన ఎముక ఖనిజం లేక మెత్తగా ఉండిపోతోంది. స్పెక్ట్-సీటీలో కటి ఎముక మీద, తొడ మీద ఎముక అంచుకు అడ్డంగా సన్నని గీత కనిపించింది, లోపల తొలిచినట్టూ గడ్డ ఉన్నట్టూ లేదు. ఎముక మజ్జ క్యాన్సర్ కోసం చేసే ప్రోటీన్ పరీక్ష నార్మల్.

బయాప్సీ చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు. విటమిన్ డి 60,000 యూనిట్లు వారానికొకటి చొప్పున 8 వారాలు, రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం రెండు పూటలా భోజనంతో. తొడ ఎముక మెడ దగ్గరి గీత పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది కనుక ఎముకల డాక్టర్‌కి చూపించి, కొన్ని వారాలు చేతికర్రతో నడవమన్నారు. మొదట నడక మారింది, తర్వాత నొప్పి తగ్గింది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మూడు నెలలకు 260, ఆరు నెలలకు 130 దగ్గర. చికిత్స మొదట్లో ఇది కొంచెం పెరగవచ్చు కూడా. మెత్తటి ఎముకకు ఖనిజం పట్టడం మొదలైందని దానర్థం కాబట్టి కంగారు పడి మందు ఆపకూడదు.

హైదరాబాద్‌లో ఇంత ఎండ ఉంటే విటమిన్ డి ఎలా తగ్గుతుంది?

ఎండ ఊళ్ళో ఉంది కానీ చర్మం మీద పడటం లేదు. విటమిన్ డి తయారు చేసే కిరణాలు కిటికీ అద్దం దాటి లోపలికి రావు. ఫ్లాట్‌లో వెలుతురు బాగుంటే సరిపోదన్నమాట. ఉదయం ఏడుకీ, సాయంత్రం ఐదుకీ నడిస్తే ఆ కిరణాలు తక్కువగా ఉంటాయి. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్న సమయంలోనే బాగా ఉంటాయి. మన ముదురు రంగు చర్మానికి కొంచెం ఎక్కువ సేపు కావాలి. నిండా బట్టలు కప్పుకునే వాళ్ళకి, రాత్రి షిఫ్ట్ ఉద్యోగులకి, మంచం పట్టిన పెద్దవాళ్ళకి ఆ అవకాశమే లేదు. మన తిండిలో విటమిన్ డి ఉండేవి కొన్నే, పాలు పెరుగు కూడా తక్కువ తీసుకునేవాళ్ళున్నారు.

కొందరిలో కారణం ఎండ కాదు. పేగు సరిగా పీల్చుకోకపోవడం, ఫిట్స్ మందులు ఏళ్ళ తరబడి వాడటం, హెచ్‌ఐవీకి, హెపటైటిస్ బీకి వాడే టెనోఫోవిర్ అనే మాత్ర, కొన్ని రకాల ఐరన్ ఇంజెక్షన్ల తర్వాత ఫాస్ఫేట్ పడిపోవడం ఉంటాయి. విటమిన్ డి సరిగా ఉండి ఫాస్ఫేట్ మాత్రమే తక్కువ ఉంటే వేరే వెతుకులాట చేయాలి. ఎక్కడో ఒక చిన్న, సాధారణంగా ప్రాణాపాయం లేని గడ్డ, ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి పోగొట్టే హార్మోన్‌ను విడుదల చేస్తూ ఉండవచ్చు. అందుకే విటమిన్ డి ఒక్కటే చూసి ఆగకండి, ఫాస్ఫేట్ పరీక్ష అడగండి. చవకైన పరీక్ష, చాలా ప్యాకేజీల్లో ఉండదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒంట్లో నొప్పి అనగానే విటమిన్ డి ఇంజెక్షన్ చేయించుకుంటూ పోకండి. ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్‌ను మళ్ళీ మళ్ళీ తీసుకుంటే కాల్షియం ఎక్కువై కిడ్నీలు దెబ్బతింటాయి.

మాది నల్లగొండ. ఫ్లోరైడ్ వల్ల కూడా ఇలా వస్తుందా?

వస్తుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన వాళ్ళలో అస్థిపంజరమంతా ముదురుగా కనిపించి, కిడ్నీలు లేతబడవచ్చు. విడి చుక్కల కంటే ఒళ్ళంతా ఒకే తీరున ముదురుగా ఉండడం దీని లక్షణం. ఎక్స్-రేలో వెన్నుపూసలు తెల్లగా సుద్దముక్కల్లా, స్నాయువులు ఎముకలో కలిసిపోయినట్టు కనిపిస్తాయి. ముంజేయి రెండెముకల మధ్య ఉండే పొర గట్టిపడటం దీనికి బలమైన గుర్తు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మీరు పుట్టి పెరిగిన ఊరు ఏదో, ఏ నీళ్ళు తాగారో డాక్టర్‌కి చెప్పండి. హైదరాబాద్ చిరునామా మాత్రమే రాస్తే ఆ ఆలోచన ఎవరికీ రాకపోవచ్చు.

టీబీ ఎముకలకు వస్తే చుక్కలు కనిపిస్తాయా?

కనిపిస్తాయి. పక్కపక్కన ఉన్న రెండు వెన్నుపూసలు, మధ్య డిస్క్ సన్నబడి, రెంటిలోనూ నలుపు ఉంటే టీబీని ముందు అనుమానించాలి. క్యాన్సర్ సాధారణంగా డిస్క్‌ను వదిలేసి పూసల్ని పట్టుకుంటుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉండవచ్చు, ఉండకపోవచ్చు కూడా. ఒకటి కంటే ఎక్కువ చోట్ల టీబీ వచ్చినప్పుడు అచ్చం పాకిన క్యాన్సర్‌లా కనిపిస్తుంది. ఇక్కడ ఊహతో మందులు మొదలుపెట్టడం మంచిది కాదు. ఎంఆర్ఐ చేసి, సూదితో నమూనా తీసి, కల్చర్‌కి, జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకి పంపాలి. ఆస్టియోమలేసియాలో బయాప్సీ తొందర వద్దన్నాను. టీబీ అనుమానంలో బయాప్సీ ఆలస్యం చేయొద్దంటున్నాను.

అమ్మకి నాలుగేళ్ళ క్రితం రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు చుక్కలొచ్చాయి. తనకీ ఇదే వర్తిస్తుందా?

సగం వర్తిస్తుంది. ఆమె విషయంలో క్యాన్సర్‌కి అవకాశం మామూలు మనిషి కంటే ఎక్కువ కాబట్టి ఏ చుక్కనూ తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అలాగని ప్రతి చుక్కా తిరగబెట్టడం కాదు. రొమ్ము క్యాన్సర్ తర్వాత ఇచ్చే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఎముకను గుల్ల చేస్తాయి, దాని వల్ల పూసలు నలగడం, పక్కటెముకలు చిట్లడం జరుగుతుంది. రేడియేషన్ ఇచ్చిన వైపు పక్కటెముకలు చిన్న దెబ్బకే చిట్లగలవు.

ఒక్క చుక్క కొత్తగా ఉంటే ఆ ఒక్కదాని సీటీ, అవసరమైతే ఎంఆర్ఐ చూడాలి. అయినా తేలకపోతే ఆ చుక్కకే బయాప్సీ చేయాలి. చికిత్స మొత్తం మారిపోయే నిర్ణయం ఉన్నప్పుడు మొదటిసారి తిరగబెట్టిందని చెప్పడానికి వీలైతే కణజాలం ఆధారం కావాలి. మందులు మొదలుపెట్టిన కొత్తలో చేసిన స్కాన్‌లో చుక్కలు ముదరడం, కొత్తవి కనిపించడం ఒక్కోసారి ఎముక మానుతోందనే గుర్తు. దీన్ని ఫ్లేర్ అంటారు. మూడు నెలల లోపు స్కాన్ తీసి "ఎక్కువయింది" అనుకోకండి, ఆంకాలజిస్ట్‌ని అడగండి.

అసలు చుక్కలే లేకపోతే క్యాన్సర్ లేనట్టే కదా?

అలా కాదు. ఎముక మజ్జ క్యాన్సర్, అంటే మల్టిపుల్ మైలోమా, ఎముకను తినేస్తుంది కానీ కొత్త ఎముక వేయనివ్వదు. అందుకే బోన్ స్కాన్‌లో తరచుగా ఏమీ కనిపించదు. నడుం నొప్పి, రక్తం తక్కువగా ఉండటం, క్రియాటినిన్ పెరగడం కలిసి ఉంటే స్కాన్ బాగుందని ఊరుకోకుండా రక్తంలో, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించాలి.

దెబ్బ తగిలిన మర్నాడే స్కాన్ చేస్తే చిట్లిన చోటు కనిపిస్తుందా?

చాలామందిలో మూడు రోజుల్లోపు కనిపిస్తుంది. పెద్దవయసు వాళ్ళలో ఎముక స్పందన మెల్లగా మొదలవుతుంది కాబట్టి వారం వరకు ఆగాల్సి రావచ్చు.

రేడియేషన్ ఎంత? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు.

ఒక బోన్ స్కాన్‌కు సుమారు 3 నుంచి 5 మిల్లీసీవర్టులు. మనిషి సహజంగా ఏడాదిలో పొందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. స్పెక్ట్-సీటీ కలిపితే కొంచెం పెరుగుతుంది. టెక్నీషియం ప్రతి ఆరు గంటలకు సగం తగ్గుతుంది, అందుకే మర్నాటికి దాదాపు పోతుంది. ఆ పూట చంటిపిల్లల్ని ఎక్కువ సేపు ఎత్తుకోకుండా, నీళ్ళు బాగా తాగి తరచూ మూత్రం పోస్తే చాలు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా, పాలిస్తున్నా ఇంజెక్షన్‌కి ముందే చెప్పండి.

చికిత్స తీసుకున్నాక చుక్కలు ఎప్పుడు పోతాయి? మళ్ళీ స్కాన్ ఎప్పుడు?

నొప్పి తగ్గినంత వేగంగా చుక్కలు పోవు. ఆస్టియోమలేసియాలో నొప్పి కొన్ని వారాల్లో తగ్గడం మొదలవుతుంది, రక్త పరీక్షలు కొన్ని నెలల్లో దారికొస్తాయి, చుక్కలు లేతబడటానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఎముక అతుక్కుంటూ ఉన్నంత కాలం ట్రేసర్ అక్కడ చేరుతూనే ఉంటుంది. రెండు నెలలకే స్కాన్ తీసి "ఇంకా ఉన్నాయి" అని భయపడటంలో అర్థం లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఫాస్ఫేట్, పారాథైరాయిడ్ హార్మోన్ చూస్తూ ఉంటే చాలు. అవి దిగిరాకపోతే, లేదా ఒక చోట మాత్రం నొప్పి పెరుగుతూ రాత్రి నిద్ర చెడగొడుతుంటే ఆరు నెలలు ఆగకుండా ఆ చోటికి ఎంఆర్ఐ తీయించాలి.

నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రికి రెండో అభిప్రాయానికి వెళ్ళాలనుకుంటే ఏం తీసుకెళ్ళాలి?

కాగితం రిపోర్ట్ ఒక్కటే పట్టుకెళ్ళకండి. స్కాన్ చేసిన చోట సీడీ అడిగి తీసుకోండి, అందులో సీటీ బొమ్మలు కూడా ఉండాలి. చుక్క ఏ ఎముకలో, ఏ భాగంలో ఉందో ఫిల్మ్ కంటే ఆ బొమ్మల్లోనే సరిగా కనిపిస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్ ఈ ఆరు రిజల్ట్స్ ఒక కాగితం మీద తేదీలతో రాసి పెట్టుకోండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ ఉంటే అది లివర్ నుంచి కూడా రావచ్చు కాబట్టి లివర్ సంగతి చెప్పే జీజీటీ పరీక్ష కూడా చేయించి ఉంటే ఆ చర్చ త్వరగా తేలిపోతుంది. పడ్డ తేదీలు, పీకించుకున్న పన్ను, వాడుతున్న మాత్రల పేర్లు, పుట్టిన ఊరి నీళ్ళ సంగతి దాని కింద రాయండి.